పదకొండు చూపుల చీర

ఒక చీర అమ్ముడుపోవాలంటే ఎన్ని ప్రకటనలు కావాలి? ఇంత గంభీరమైన ప్రశ్నకు జవాబు మా షాపులో నెలనెలా ప్రింటు తీసి యజమాని టేబుల్ మీద పెడతాను. ఆన్‌లైన్ ప్రకటనలు చూసుకునేది నేనే.

పోయిన నెల వంద ఆర్డర్లు వచ్చాయి. అసిస్టెడ్ కన్వర్షన్లు అన్నీ కూడితే 121.

"మిగతా ఇరవై ఒక్క చీరలేవయ్యా?" అన్నారు యజమాని.

చీరలు లేవండీ, సాయాలే ఉన్నాయి. కొనేముందు కస్టమర్ ఏయే దారుల్లో మన సైటుకి వచ్చినా, చివరి క్లిక్ తప్ప మిగతా ఛానెళ్లన్నీ ఆ ఆర్డర్‌లో తలా ఒక సాయం రాయించుకుంటాయి. ఒక్క చీరకి ముగ్గురు సాక్షి సంతకాలు పెట్టొచ్చు. వాటిని కూడితే వచ్చేది అమ్మకాల లెక్క కాదు, హాజరు పట్టీ.

ఆ పట్టీలో మొనగాడు బ్యానర్ ప్రకటన. సాయాలు 45, చివరి క్లిక్కులు 5, అంటే నిష్పత్తి 9. ఒకటి దాటితే సాయమే ఎక్కువ చేస్తోందని అర్థం, కాబట్టి ఈ లెక్కన దానికి శాలువా కప్పాలి. కానీ ఆ బ్యానర్ మేం చూపించేది చీరను కార్టులో వేసుకుని వెళ్లినవాళ్లకే. బస్సెక్కి కూర్చున్నవాణ్ణి నేనే ఎక్కించానని కండక్టర్ చెప్పుకున్నట్టు ఉంది. వాళ్లలో సగం మందికి రెండు వారాలు బ్యానర్ ఆపి, రెండు గుంపుల కొనుగోళ్లూ పోల్చి చూద్దామన్నాను.

"ఆపితే సాయం ఎవరు చేస్తారు?" అన్నారాయన.

తర్వాత కొనేముందు ఎన్నిసార్లు వచ్చారో చూపే పాత్ లెంగ్త్ పేజీ తిప్పారు. ఒకావిడ పదకొండు సార్లు వచ్చి కొంది. ఆ పట్టుదలకి ఆయన కళ్లు చెమర్చాయి. ఆవిడ ఎదురుచూసింది కూపన్ కోసమేమో అన్న అనుమానం నేను పైకి అనలేదు. అయితే నలభై ఎనిమిది ఆర్డర్లకి దారి పొడవు ఒక్కటి మాత్రమే. "చూశావా, సగం మంది ఒక్క దెబ్బకే కొంటున్నారు. ఫోన్‌లో చూపించే ఆ ప్రకటనలు దండగ, తీసెయ్."

ఆ నలభై ఎనిమిది మందిలో మా వదిన ఒకరు. ఆకుపచ్చ గద్వాల చీర ప్రకటనను ఫోన్‌లో ఆరుసార్లు నొక్కి చూసి, చీరను కార్టులో వేసి ఊరుకుంది. అంచు రంగు నచ్చిందో లేదో తేలక వాళ్లక్కకి ఫోటో పంపింది. చివరికి ఆదివారం అన్నయ్య లాప్‌టాప్‌లో షాపు పేరు టైప్ చేసి కొనేసింది. సైటులో లాగిన్ అయ్యే అలవాటు ఆవిడకి లేదు కాబట్టి ఆ రెండూ ఒకే మనిషివని రిపోర్టుకి తెలియదు. లాప్‌టాప్ లెక్కలో ఆవిడ డైరెక్ట్‌గా వచ్చింది, పొడవు ఒకటి. ఫోన్‌లోని ఆరూ రిపోర్టులోనే లేవు, ఎందుకంటే ఆ ఫోన్ ఏమీ కొనలేదు, అందులోకి కొన్నవాళ్ల దారులే ఎక్కుతాయి.

నిన్న వదిన ఫోన్ చేసింది. "అదే చీర ఇంకా నా వెంటపడుతోందయ్యా. ధర తగ్గించారేమోనని నాలుగుసార్లు నొక్కి చూశాను."

రిపోర్టు వెనక్కి చూసే ముప్పై రోజుల గడువులో ఆవిడ ఆ ఫోన్‌లోనే ఇంకో చీర కొంటే, బ్యానర్ ఖాతాలో ఇంకో సాయం పడుతుంది.