కదిలే అడ్డాన్ని గోడ అనుకుంటే ఏ-స్టార్ ఏం చేస్తుంది

ఆటల్లో పాత్రకి దారి వెతికే ఏ-స్టార్ అల్గారిదం గురించి వినిపించే ఒక సలహా ఇది: "ఏ-స్టార్ ఎప్పుడూ అతి దగ్గరి దారే ఇస్తుంది. అడ్డం కదిలేదైతే అది ఇప్పుడున్న గడిని గోడగా పెట్టి, ప్రతి అడుగుకీ ఏ-స్టార్‌ని మళ్లీ నడపండి, చాలు. సమయాన్ని కూడా లెక్కలోకి తెస్తే మెమరీ పేలిపోతుంది."

"ఎప్పుడూ" అన్న మాట దగ్గరే తేడా ఉంది. ప్రతి గడి నుంచి గమ్యానికి ఇంకెంత దూరమో ఏ-స్టార్ ఒక అంచనా వేసుకుంటుంది, ఆ అంచనా అసలు దూరాన్ని మించకపోతేనే ఆ హామీ. మూలగా కదలనిచ్చి, దానికి 1.4 ఖర్చు వేసి, అంచనాకి మాత్రం అడ్డంగా, నిలువుగా గళ్లు లెక్కపెట్టే మాన్‌హాటన్ దూరం వాడితే కదలని మ్యాపులో కూడా హామీ పోతుంది.

అసలు చిక్కు రెండో వాక్యంలో ఉంది. 7×7 గళ్లు తీసుకోండి, కదలిక నాలుగు దిక్కులకే. x = 3 నిలువు వరుస మొత్తం గోడ, (3,0), (3,6) దగ్గర మాత్రం ద్వారాలు. ఒక అడుగుకి పట్టే సమయం ఒక టిక్. పై ద్వారమైన (3,0)లో ఒక దిమ్మ 0, 1, 2 టిక్కుల్లో అడ్డంగా ఉంటుంది. 3, 4, 5 టిక్కుల్లో పక్కకి జరుగుతుంది. మళ్లీ అదే వరస. మన పాత్ర (0,0) నుంచి (6,0)కి వెళ్లాలి. సమాన దారులుంటే ముందు నిలువుగా కదులుతుందనుకుందాం.

టిక్ 0లో పై ద్వారం మూసి ఉంది కాబట్టి కింది నుంచి 18 అడుగుల దారి వస్తుంది. పాత్ర కిందికి దిగుతుంది. టిక్ 3కి (0,3) చేరేసరికి పై ద్వారం తెరుచుకుంటుంది. కింది దారి ఇంకా 15, పైది 9. వెనక్కి తిరుగుతుంది. టిక్ 6కి మళ్లీ (0,0)లోనే ఉంటుంది, ద్వారమూ మూసే ఉంటుంది. ఇక అంతే, గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. ఏ-స్టార్ మాత్రం ప్రతిసారీ సరైన జవాబే ఇచ్చింది!

నేరుగా కుడికి నడిచి ఉంటే టిక్ 3కి తెరిచిన ద్వారంలో ఉండేది, 6 అడుగుల్లో పని అయిపోయేది. టిక్ 4లో బయల్దేరినా ద్వారం ముందు రెండు టిక్కులు ఆగితే మొత్తం 8 టిక్కుల్లో చేరుతుంది. "ఆగడం" కూడా ఖర్చు 1 ఉన్న ఒక కదలికే అని చెప్పి, స్థితిలో సమయాన్ని కలపాలి:

```
key = (x, y, t % 6)
```

దిమ్మ 6 టిక్కులకోసారి అదే వరస తిప్పుతుంది కాబట్టి మొత్తం స్థితులు 49 × 6 = 294కి మించవు. ఇదేనా పేలిపోయే మెమరీ? మాన్‌హాటన్ అంచనా ఇక్కడా చెల్లుతుంది, టిక్కుకి ఒక గడికి మించి కదలలేం కదా.

చాలామంది ఇక్కడిదాకా వచ్చి, చూసేసిన గళ్ల జాబితాలో మాత్రం పాత `(x, y)`నే ఉంచేస్తారు. అప్పుడు (2,0)లో ఆగుదామనుకున్న స్థితిని "ఇది చూసేశాం" అని ప్రోగ్రాం తీసి పారేస్తుంది. పాత్ర ఎక్కడా ఒక్క క్షణం కూడా ఆగకుండా చుట్టుదారి పడుతోందంటే ముందు ఆ జాబితా చూడండి.

అడ్డం ఎటు కదులుతుందో తెలియకపోతే, ఉదాహరణకి దాన్ని ఇంకో ఆటగాడు నడుపుతుంటే, మళ్లీ లెక్కించడం తప్పదు. 2002లో వచ్చిన డీ-స్టార్ లైట్ అనే అల్గారిదం పాత లెక్కలో పనికొచ్చేదాన్ని ఉంచుకుని మిగతాదే సరిచేస్తుంది. అయితే అదీ తనకి చూపించిన మ్యాపునే నమ్ముతుంది, ద్వారం ఎప్పుడు తెరుచుకుంటుందో దానికీ తెలియదు.