ఒక స్టేట్ తక్కువైందట, మార్కులు కోసేశారు

ఇప్పుడే మా అక్క కూతురి ఫ్లాట్, అదే ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమేటా థియరీ, పరీక్ష పేపర్ జెరాక్స్ చూశాను, ఒళ్ళు మండిపోతోంది. `(a+b)*abb` అనే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కి డీఎఫ్ఏ, అంటే స్ట్రింగ్‌ని అక్షరం అక్షరంగా చదివి ఒప్పుకోవాలో వద్దో తేల్చే మెషీన్, గీయమన్నారు. అంతే, ఏ పద్ధతిలో గీయాలో ప్రశ్నలో ఎక్కడా లేదు. పిల్ల నాలుగు స్టేట్లతో శుభ్రంగా గీసింది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన ‘వన్ స్టేట్ మిస్సింగ్’ అని ఒక ముక్క. 10కి 4. "మావయ్యా, ఆ అయిదో స్టేట్ ఎక్కడ పోయింది?" అని అడుగుతోంది. ఎక్కడికీ పోలేదమ్మా, దిద్దినాయన పక్కన పెట్టుకున్న కీలో భద్రంగా ఉంది.

అసలు ఆ ఎక్స్‌ప్రెషన్ చెప్పేదేమిటి? ముందు ఏమున్నా సరే, చివర `abb` ఉండాలి. అంటే మెషీన్ గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, ఇప్పటిదాకా `abb`లో ఎంతవరకు కుదిరిందీ అని. ఏమీ కుదరలేదు, `a` కుదిరింది, `ab` కుదిరింది, మొత్తం కుదిరింది. నాలుగే. పిల్ల రాసిన టేబుల్ ఇదిగో, `S` మొదలు, `W` ఫైనల్:

```
      a   b
S     U   S
U     U   V
V     U   W
W     U   S
```

ఏ స్టేట్‌లో ఉన్నా `a` వస్తే `U`కే పోవాలి, ఎందుకంటే ఆ `a`తో కొత్త `abb` మొదలు కావచ్చు. చాలామంది `V`లో `a` వస్తే మొదటికి పంపేసి `ababb` దగ్గర బోల్తా పడతారు. ఈ పిల్ల పడలేదు. దానికి బహుమతి ఎర్ర గీత!

మరి కీలో అయిదెలా వచ్చాయి? థాంప్సన్ పద్ధతిలో ప్రతి ముక్కకీ ఎప్సిలాన్ బాణాలతో, అంటే ఏ అక్షరం చదవకుండానే దాటే బాణాలతో, ఒకేసారి పలు దారులుండగల చిన్న మెషీన్, అదే ఎన్ఎఫ్ఏ, గీసి, అన్నీ అతికిస్తే మామూలుగా పుస్తకాల్లో వేసే బొమ్మలో 11 స్టేట్లు తేలతాయి. దాన్ని సబ్‌సెట్ కన్‌స్ట్రక్షన్‌తో డీఎఫ్ఏ చేస్తే `A` నుంచి `E` దాకా అయిదొస్తాయి. అక్కడితో ఆగిపోయింది కీ. ఇంకో రెండు నిమిషాలు చూసుంటే `A`, `C` వరసలు ఒకేలా ఉన్నాయని కనపడేది. రెండూ `a`కి `B`కే పోతాయి, `b`కి `C`కే పోతాయి, రెండిట్లో ఏదీ ఫైనల్ కాదు. వాటిని కలిపేస్తే నాలుగు. అంటే పిల్ల గీసింది మినిమైజ్ చేసిన జవాబు, కీలో ఉన్నది మినిమైజ్ చెయ్యనిది. ఎక్కువ పని మిగిల్చుకున్నవాడికి ఫుల్ మార్కులు, తేల్చేసినవాడికి కోత. భలే న్యాయం సార్!

‘స్టెప్స్ రాయలేదు కదా’ అని కామెంట్లలోకి రాకండి. స్టెప్స్ కావాలంటే ప్రశ్నలో ‘థాంప్సన్ పద్ధతిలో’ అని అడగాలి. అయినా అక్కడ రాసింది స్టెప్స్ లేవని కాదు, స్టేట్ లేదని.

ఇంకా మంటెక్కించేది పక్క ప్రశ్న. `a*+b*`. అన్నీ `a`లు, లేదా అన్నీ `b`లు, లేదా ఖాళీ స్ట్రింగ్, అంతే. మా పిల్ల ఫ్రెండ్ ఒకడు ఎప్సిలాన్లు తీసేస్తున్నానని ఒకే స్టేట్ వేసి, దాని మీదే `a` లూప్, `b` లూప్ తగిలించాడు. రైట్ మార్కు! అయ్యా, ఆ బొమ్మలో `ab` ఇచ్చి చూడండి, హాయిగా ఒప్పేసుకుంటుంది. అది `(a+b)*` అయిపోయింది. స్టార్ లూప్ ఉన్న స్టేట్‌ని మొదటి స్టేట్‌తో కలిపేస్తే జరిగేది ఇదే, ఒక దారిలో పోయినవాడు వెనక్కొచ్చి రెండో దారి పట్టేస్తాడు. మొదటి స్టేట్ విడిగా ఉండాలి, `a`ల స్టేట్ వేరు, `b`ల స్టేట్ వేరు, తప్పినవాళ్ళకి ఒక డెడ్ స్టేట్. రెండక్షరాల స్ట్రింగ్ ఒకటి వేలుపెట్టి నడిపించే ఓపిక లేనివాళ్ళు ఇవి దిద్దడం ఎందుకు?

ఇది ఈనాటి రోగం కాదులెండి. మా రోజుల్లో మా సారు ఆ 11 సున్నాల బొమ్మని బోర్డు మీద వేసి ‘బట్టీ కొట్టండి, గ్యారంటీ ప్రశ్న’ అన్నారు. ఎందుకు ఆ ఎప్సిలాన్ అని అడిగితే ‘సిలబస్‌లో లేదు’. ఎప్సిలాన్ సిలబస్‌లో ఉంది, ఎందుకు అనేదే లేదు! తీరా పరీక్షలో చివర `abb` బదులు `aab` ఇచ్చారు. సగం క్లాసు కళ్ళు మూసుకుని `abb` బొమ్మే దించేసింది. బొమ్మ నిండుగా ఉంది, స్టేట్లు లెక్క సరిపోయాయి, వాళ్ళకి ఫుల్ మార్కులు పడ్డాయి. `aab`కి సరిగ్గా నాలుగు స్టేట్లు గీసిన నాకు మాత్రం సగమే. ఆ సారే ఇప్పుడు ఎక్కడో పేపర్లు దిద్దుతూ ఉంటారని నా గట్టి అనుమానం.