ఎల్‌ఈడీ వెలిగించడానికి మొదటి పూటే లాప్‌టాప్ ఎందుకండీ?

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు శని, ఆదివారాల్లో, ప్రోగ్రామ్‌తో లైట్లు, మోటార్లు నడిపించే ఆర్డుయినో బోర్డుల మీద వర్క్‌షాప్ పెడుతున్నామని ఒక మిత్రుడు ప్లాన్ పంపి అభిప్రాయం అడిగాడు. శనివారం పదింటికి పరిచయం, తర్వాత స్లైడ్లు, తర్వాత సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్, భోజనాల లోపు ఎల్‌ఈడీ బ్లింక్. ఆదివారం నేరుగా రోబో! ఇలాంటి ప్లాన్లు చూసీ చూసీ విసుగొచ్చింది. అందుకే ఈ పొడుగు పోస్టు.

ఈ పద్ధతిలో పిల్లలు చేసేది ఇంతే: మెనూలో ఉన్న Blink ప్రోగ్రామ్ తెరుస్తారు, దాన్ని బోర్డులోకి అప్‌లోడ్ చేసే బాణం గుర్తు నొక్కుతారు, బోర్డు మీద లైటు ఆరి వెలుగుతుంది, ఫొటో దిగుతారు. ఆర్డుయినోల్లో ఒక రకమైన ఊనో బోర్డులు చాలావాటికి ఫ్యాక్టరీలోనే బ్లింక్ ఎక్కించి పంపుతారు. కేబుల్ పెట్టగానే లైటు కొట్టుకుంటుంది. అప్‌లోడ్ అయిందో లేదో పిల్లాడికీ తెలియదు, చాలాసార్లు సారుకూ తెలియదు.

నేనైతే శనివారం మధ్యాహ్నం దాకా లాప్‌టాప్ బయటికే తీయనివ్వను. ముందు ప్రతి పిల్లాడి చేతిలో ఒక ఎర్ర ఎల్‌ఈడీ, CR2032 బటన్ సెల్ పెట్టండి. సెల్‌ను ఎల్‌ఈడీ రెండు కాళ్ల మధ్య ఇరికించమనండి. సగం మందికి వెలుగుతుంది, సగం మందికి వెలగదు. వెలగనివాళ్లే తిప్పి పెట్టి చూస్తారు. పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలన్న సంగతి మీరు చెప్పకుండానే గది మొత్తానికీ తెలిసిపోతుంది. సెల్స్ మాత్రం లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి. ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లో మింగితే ప్రాణాల మీదికి వస్తుంది.

ఆ తర్వాత కరెంట్‌ను తగ్గించే రెసిస్టర్. ఓమ్ నియమం పదో తరగతి పాఠం, వీళ్లకు ఇంకా రాలేదు. ఫార్ములా బోర్డు మీద రాసి లాభం లేదు. బోర్డును ఛార్జర్‌కి పెట్టి దాని 5V, GND పిన్నులను బ్యాటరీలా వాడుకుంటే సరిపోతుంది, ప్రోగ్రామ్ అక్కర్లేదు. మూడు ఎల్‌ఈడీలు పక్కపక్కన పెట్టి, ఒకదానికి 220 ఓమ్స్, ఇంకోదానికి 1కె అంటే వెయ్యి ఓమ్స్, మూడోదానికి 10కె రెసిస్టర్ పెట్టించండి. మొదటిది బాగా వెలుగుతుంది, రెండోది కాస్త తగ్గుతుంది, మూడోది మిణుకుమంటుంది. లెక్క మీరు తెలుసుకుని ఉంటే చాలు: ఎర్ర ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు పోగా 3 మిగులుతాయి, 220తో భాగిస్తే దాదాపు 14 మిల్లీఆంప్స్. తర్వాత ప్రోగ్రామ్‌తో నడిపే పిన్ను నుంచి తీసుకునే కరెంట్ 20 దాటకపోవడం మంచిది, 40 అయితే చిప్ తట్టుకునే ఆఖరి హద్దు. రెసిస్టర్ లేకుండా ఎల్‌ఈడీని ఆ పిన్నుకు తగిలిస్తే ఆ హద్దు దాటే ప్రమాదం ఉంది. మరి బటన్ సెల్‌కి రెసిస్టర్ పెట్టలేదేం అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ సెల్ ఇచ్చేదే 3 వోల్టులు, పైగా దాని లోపలే అడ్డు ఎక్కువ, పెద్ద కరెంట్ ఇవ్వలేదు.

బ్రెడ్‌బోర్డ్ దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది. తీగలు గుచ్చి సర్క్యూట్ కలిపే ఆ రంధ్రాల పలకలో అడ్డంగా ఉన్న ఐదు రంధ్రాలూ లోపల ఒకటే తీగ. పిల్లలు ఎల్‌ఈడీ కాళ్లు రెండూ ఆ ఐదింట్లోనే గుచ్చేసి, కాలిపోయిందంటారు. కాలిపోదు. కరెంట్ ఎల్‌ఈడీలోకి పోకుండా తీగలోంచే పోతోంది. ఎల్‌ఈడీ మార్చేసి ఇవ్వకండి, ఎందుకు వెలగలేదో వాళ్లనే వేలుపెట్టి చూపించమనండి.

భోజనాలయ్యాక లాప్‌టాప్. ఇద్దరికి ఒకటి, కీబోర్డు చేతులు మారుతూ ఉండాలి. డ్రైవర్ గొడవ మాత్రం ముందురోజే తేల్చుకోండి. మన దగ్గర దొరికే చవక బోర్డుల్లో ఎక్కువగా CH340 చిప్ ఉంటుంది, కొన్ని విండోస్ సిస్టమ్స్‌లో దానికి డ్రైవర్ వేయాలి. స్కూల్ ల్యాబ్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో, ఆ మనిషి శనివారం నాడు దొరకడు. చిన్న సైజు బోర్డులకన్నా ఊనో R3నే కొనమనడానికి నా కారణం కూడా కేబులే. దానిది ప్రింటర్ కేబుల్, డేటా తీగలు ఉంటాయి. ఫోన్ కేబుల్ పట్టే బోర్డయితే ఎవరో ఒకరు ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ తెస్తారు. బోర్డులో పవర్ లైటు వెలుగుతుంది, Tools > Port లో మాత్రం ఏమీ కనిపించదు.

ప్రోగ్రామ్ కాపీ కొట్టనివ్వకండి, టైపు చేయించండి. బోర్డు మీది లైటు 13వ పిన్నుది, అందుకే మనం 8 వాడదాం. అప్పుడు బయటి ఎల్‌ఈడీ వెలిగితే వైరింగూ సరే, అప్‌లోడూ సరే.

```
void setup() {
  pinMode(8, OUTPUT);
}

void loop() {
  digitalWrite(8, HIGH);
  delay(1000);
  digitalWrite(8, LOW);
  delay(1000);
}
```

టైపు చేస్తే సెమీకోలన్ మర్చిపోతారు. మర్చిపోనివ్వండి. `expected ';' before 'delay'` లాంటిది వస్తుంది, కానీ ఎర్రగా కనిపించేది తప్పున్న లైను కాదు, దాని కింది లైను. పై లైను చూసుకోవాలని ఆ ఒక్కసారితో అలవాటవుతుంది. అప్‌లోడ్ చేసేటప్పుడు `not in sync` అని వస్తే టెన్షన్ పడొద్దు: Port తప్పు ఎంచుకున్నారా, బోర్డు పేరు తప్పా, 0, 1 పిన్నుల్లో తీగ ఏదైనా ఉందా అని వరుసగా చూడాలి.

శనివారానికి ఇంతే. ఎవరో ఇంకా ఏదో చేద్దామంటారు, వద్దు.

ఆదివారం ఉదయం నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. రెండో delay తీసేయమని, అప్‌లోడ్ చేసేముందు ఏమవుతుందో కాగితం మీద రాయమనండి. ‘వెలిగి ఆరిపోతుంది’ అనే ఎక్కువమంది రాస్తారు. చూస్తే ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది! అప్పుడు loop ని వేలితో లైను లైనుగా నడిపించాలి. LOW అయింది, వెంటనే మళ్లీ పైకి వెళ్లింది, HIGH అయింది. ఆరి ఉన్నది సెకనులో లక్షో వంతు కూడా కాదు, కంటికి అందదు. ప్రోగ్రామ్ పైనుంచి కిందికి నడిచి మళ్లీ మొదలవుతుందన్న మాట ఎన్ని స్లైడ్లు వేసినా ఎక్కనిది ఇక్కడ ఎక్కుతుంది.

తర్వాత రెండు చోట్లా delay(10) పెట్టించండి. సెకనుకు యాభై సార్లు ఆరి వెలుగుతున్నా, నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది. కిటికీలు మూసి, బోర్డును చేత్తో అటూ ఇటూ వేగంగా ఊపితే ఎర్ర గీత ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. గది గోలగోలగా ఉంటుంది, ఉండనివ్వండి.

చివరగా రెండు delay లూ మళ్లీ 1000 చేయించి, pinMode లైను తీసేయించండి. ఎల్‌ఈడీ పూర్తిగా ఆరిపోదు, చాలా మసకగా కొట్టుకుంటుంది. అవుట్‌పుట్ అని చెప్పని పిన్నుకు HIGH అంటే చిప్ లోపలున్న 20 నుంచి 50 కె ఓమ్స్ రెసిస్టర్ ద్వారా మాత్రమే కరెంట్ వస్తుంది. నిన్నటి 10కె ఎల్‌ఈడీని గుర్తుచేస్తే పిల్లలే చెప్తారు, ఎక్కడో పెద్ద రెసిస్టర్ ఉందని. ఈ లైను మర్చిపోయి ఎల్‌ఈడీ నాసిరకం అని షాపువాణ్ణి తిట్టిన పెద్దవాళ్లు బోలెడు మంది.

మధ్యాహ్నం మూడు ఎల్‌ఈడీలతో చౌరస్తా సిగ్నల్ చేసుకుంటారో, ఆటో ఇండికేటర్ చేసుకుంటారో వాళ్లిష్టం. రోబో జోలికి మాత్రం వెళ్లొద్దు. మోటార్లు, డ్రైవర్ బోర్డు, బ్యాటరీలు వచ్చాయంటే వైర్లన్నీ వలంటీర్లే కలుపుతారు, పిల్లలు చుట్టూ నిలబడి చూస్తారు.

సర్టిఫికెట్ ఇవ్వాలంటే ఇవ్వండి, తల్లిదండ్రులు అడుగుతారు కాబట్టి. దానికి ముందు మాత్రం మీరే రెండు తప్పులు పెట్టిన సెట్ ఒకటి ప్రతి జంట ముందూ పెట్టండి: ఎల్‌ఈడీ తిరగేసి ఉంటుంది, తీగ 8లో ఉంటే ప్రోగ్రామ్‌లో 9 ఉంటుంది. పావుగంట ఇవ్వండి. దగ్గరుండి చూడండి కానీ చేతులు కట్టుకుని ఉండండి, వలంటీర్లను కూడా అలాగే ఉండమనండి.