ఇటుకబెడ్డ ఇంజనీరింగ్

ఈ వేసవిలో మా ఇంట్లో కొత్తగా ఒక సభ్యుడు చేరాడు. నీలం రంగు ప్లాస్టిక్ బకెట్. పడగ్గదిలో కిటికీ ఏసీ కింద దాని ఆస్థానం. రాత్రి రెండింటికి లేచి దాన్ని ఖాళీ చేసే కొలువు నాది. కొత్త ఏసీ చూడ్డానికొచ్చిన చుట్టాలు ముందు ధర అడుగుతున్నారు, తర్వాత బకెట్ వైపు చూసి "ఇదేటి?" అంటున్నారు. ఏసీతో పాటు ఉచితంగా ఇచ్చారని చెప్తున్నాను.

ఏసీ బిగించిన తమ్ముడికి ఫోన్ చేశాను. "ఏసీ అన్నాక నీళ్లు రావా సార్? వస్తున్నాయంటే బాగా పనిచేస్తున్నట్టే" అన్నాడు. నిజమే, కాదనలేం. చన్నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకి బయట చెమట పట్టినట్టే, విజయనగరం ఉక్కగాలి చల్లటి కాయిల్‌కి తగిలి నీరవుతుంది. ఆ నీరు అడుగునున్న రేకు పళ్లెంలోకి జారి, వెనక్కి పారి, ఇంటి బయట పడాలి. మా తమ్ముడి శాస్త్రం అంతవరకూ కరెక్టే. ఏది ఇల్లు, ఏది బయట అన్న చిన్న విషయం దగ్గరే తేడా వచ్చింది.

ఈలోగా సమస్య వీధిలోకి పాకింది. ఆదివారం పొద్దున్న మా గదిలో బకెట్ చుట్టూ సభ జరిగింది. రిటైరైన పెద్దాయన ఒకరు గ్యాస్ ఎక్కువైందన్నారు. ఎదురింటి కుర్రాడు తక్కువైందన్నాడు. ఇద్దరూ అరగంట వాదించుకుని, గ్యాస్ ఉండాల్సినంతే ఉందని రాజీకొచ్చారు. మూడో ఆయన జేబులోంచి దిక్సూచి తీశారు. (జేబులో దిక్సూచి పెట్టుకుని తిరిగే మనుషులు మా వీధిలో ఉన్నారని నాకూ అప్పుడే తెలిసింది.) గది నాలుగు మూలలూ తిరిగి, బకెట్ దగ్గర ఆగి, "ఈశాన్యం! ఇక్కడ నీరు పడడం యోగం, కదపకండి" అని తీర్పిచ్చారు. మా అమ్మ ఆ సాయంత్రమే బకెట్‌కి పసుపు రాసింది. ఇంకో రెండ్రోజులు ఆగితే కొబ్బరికాయ కొట్టేవాళ్లం.

సభకి టీ అందిస్తున్న మా పనిమనిషి మాత్రం కిటికీ లోంచి తల బయట పెట్టి ఒకే ముక్క అంది: "ఎనకాల ఇటికబెడ్డ ఏటి బాబూ?"

ఏసీ వెనక అంచు కింద, కిటికీ గట్టు మీద, సగం ఇటుక. అంటే వెనక భాగం పైకి లేచి, ముఖం మా మంచం వైపు వంగి ఉంది. మళ్లీ ఫోన్ చేశాను. అవతల ఏ తడబాటూ లేదు. "బయటికి వాలిస్తే కింద పడిపోద్ది కదా సార్!"

ఇక్కడ ఆగి ఆ మాటకి దండం పెట్టాలి. బరువు మోయడానికి బ్రాకెట్ వెయ్యలేదు కాబట్టి అది పడిపోతుంది. పడిపోతుంది కాబట్టి లోపలికి వాల్చాడు. లోపలికి వాల్చాడు కాబట్టి నీళ్లు లోపలికొచ్చాయి. వీధి వీధంతా గ్యాస్ లెక్కలు వేసిన జబ్బుకి అసలు మూలం వెయ్యని రెండు ఇనుప ముక్కలు.

వాలు ఎంతుండాలంటే, చాలా ఏసీలకి వెనక అంచు ముందు అంచు కన్నా పావు అంగుళం నుంచి అర అంగుళం కిందికి. కొన్నిటికి అడుగు పళ్లెంలోనే వాలు ఉంటుంది, వాటిని సమంగానే పెట్టమంటారు. పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం అందుకే, బల్ల ఊగకుండా కాలి కింద పెట్టడానికి కాదు. తాపీమేస్త్రి దగ్గర రసమట్టం అడిగి ఏసీ మీద నిలువుగా, అంటే లోపల్నుంచి బయటికి పెట్టి చూడండి. బుడగ ఎత్తు వైపు పోతుంది. కాబట్టి అది మధ్య గీతల నుంచి కొంచెం గది వైపు జరగాలి. అడ్డంగా పెడితే మాత్రం సరిగ్గా మధ్యలో నిలవాలి.

ఇది విని ఉత్సాహం కొద్దీ జారుడుబల్లలా వాల్చేవాళ్లూ ఉన్నారు. చాలా ఏసీల్లో వెనక ఫ్యాన్‌కి ఒక రింగు ఉండి, పళ్లెంలో నిలిచిన నీళ్లని చిలికి వేడి కాయిల్ మీద చల్లుతుంది. దానివల్ల కాయిల్ చల్లబడుతుంది. వాలు మరీ ఎక్కువైతే ఆ నీళ్లు రింగుకి అందకుండా పోతాయి. వెనక చిలుకుతున్న చప్పుడు వినిపిస్తే అది రోగం కాదు. దాన్ని మాన్పడానికి పళ్లేనికి మేకుతో చిల్లు పెట్టే వైద్యులు మన జిల్లాలో కొరత లేకుండా ఉన్నారు.

ఇక బ్రాకెట్. ఒకటిన్నర టన్ను కిటికీ ఏసీ బరువు 50 కిలోలకి అటూఇటూ. అందులో అసలు బరువు కంప్రెసర్, అది ఉండేది బయటి సగంలో. సిరిమాను చివర పూజారి కూర్చుంటే కింద మోయడానికి బండి ఉంటుంది, తాళ్లు పట్టుకోడానికి మనుషులుంటారు. మా ఏసీకి ఉన్నది చెదపట్టిన కిటికీ చట్రం, ఓ సగం ఇటుక. దాని కింద ఏముందో తెలుసా? పొద్దున్న ఏడున్నరకి స్కూలు ఆటో కోసం పిల్లలు నిలబడే అరుగు. అక్కడే నీడ ఉంటుందని మేమే నిలబడమన్నాం. 2018లో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం వైపు గాలి ఏం చేసిందో చూసినవాళ్లం, ఇంకా సగం ఇటుకని నమ్ముకుంటామా? యాంగిల్ ఇనుము బ్రాకెట్ల జత ఖర్చు ఏసీ ధరలో ఎంత? ఆ కాస్త మిగుల్చుకోడానికి ఎవరి పిల్లల నెత్తి మీద పందెం కాస్తున్నారు? బిగించినవాడిని అనడం తేలిక. "బ్రాకెట్ ఎందుకులే, కిటికీ ఉందిగా" అన్నది నేను. నా నోటితో నేనే అన్నాను.

చివరికి వెల్డింగ్ షాపులో త్రికోణం ఆకారంలో రెండు చేయించి, మన ఉప్పుగాలికి తట్టుకునేలా రెడాక్సైడ్ పూయించాను. మాది సున్నపు గోడ, యాంకర్ బోల్టు పట్టదు. అందుకని గోడకి ఆరపార బెజ్జం వేసి, లోపల ఇనుప ప్లేటు పెట్టి బిగించారు. వాలుని బ్రాకెట్‌లోనే ఇచ్చారు, పైన రబ్బరు ముక్కలు పరిచారు. ఇటుకతో పని లేకపోయింది.

పక్క సందుల సంగతీ చెప్పాలి. తమ్ముడు వాటిని ఒక ఎన్నికల ఫ్లెక్సీ చింపి మూశాడు. రాత్రిళ్లు ఏసీకి ఎడమ పక్క నుంచి ఒక నాయకుడి కన్ను, కుడి పక్క నుంచి నమస్కారం పెట్టే చెయ్యి మమ్మల్ని పలకరించేవి. ఆ ఫ్లెక్సీనే బయట వెనక్కి మడిచి, పెట్టె పక్కలనున్న చీలికల్ని కూడా కప్పేశాడు. వెనక కాయిల్ గాలి పీల్చేది వాటిలోంచే. అవి మూసుకుపోయినా, గోడ మందంలో ఇరుక్కున్నా దానికి ఊపిరాడదు, కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది. సందుల్లో ప్లైవుడ్ చెక్క, పెట్టెకీ చెక్కకీ మధ్య ఫోమ్ పట్టీ పెట్టించాను. సిమెంటు వద్దన్నాను, రేపు సర్వీసుకి తియ్యాలంటే గోడ పగలగొట్టాలి. రాత్రి దీపం ఆర్పి, అగరుబత్తి ఆ అంచుల వెంట తిప్పాను. పొగ ఎక్కడా వణకలేదు.

నీళ్లు ఇప్పుడు వెనక గొట్టంలోంచి కాలవలోకి పోతున్నాయి. దిక్సూచి పెద్దాయన మాత్రం యోగం చెడగొట్టుకున్నానని బాధపడుతున్నారు.

నిన్న తమ్ముడే ఫోన్ చేశాడు. "సార్, ఆ బెడ్డ పారేశారేటి? దాచండి, పక్కవీధిలో ఇంకోటి బిగించాల."