బల్ల మీద గుమ్మడికాయలు, వంటింట్లో భోజనాలు

నవంబరు నాలుగో గురువారం అమెరికాలో థాంక్స్‌గివింగ్. పంట ఇంటికొచ్చినందుకు అందరూ ఒకచోట కూర్చుని తినే పండుగ. అది నాలుగో గురువారమే కావాలని 1941లో అక్కడి కాంగ్రెస్ చట్టం చేసింది. గురువారం బాబా వారమని చాలా తెలుగిళ్లలో నీచు ముట్టరన్న సంగతి ఆ సభ దృష్టికి ఎవరూ తీసుకెళ్లినట్టు లేదు. అందుకని న్యూజెర్సీలోని మా ఇంట్లో టర్కీ కోడి ఉండదు. మేం పండించిన పంట కూడా కుండీలో కరివేపాకు మొక్క ఒక్కటే, అది అక్టోబరులోనే చలికి ఇంట్లోకొచ్చేసింది. ఇక మిగిలింది టేబుల్ అలంకరణ. దాన్ని మాత్రం తక్కువ చెయ్యం.

ఈసారి రంగులు ఆవపిండి పసుపు, ఇటుక ఎరుపు, మీగడ తెలుపు అని మా ఆవిడ ప్రకటించింది. “పసుపు, కుంకుమ, గంధం అంటే పోయేదిగా అమ్మాయ్” అంది మా అమ్మ. రంగులు ఖాయమయ్యాక వంటల జాబితా దిద్దారు. పులిహోర, టమాటా పప్పు, పెరుగన్నం నెగ్గాయి. బెండకాయ వేపుడు రంగు కారణంగా ఓడిపోయింది. స్టీలు గిన్నెలకైతే పోటీ చేసే అర్హతే లేదన్నారు.

బుల్లి సొరకాయల్లాంటివి ఒక బుట్టెడు కొన్నాం. వంకర మెడ, ఒంటినిండా బుడిపెలు, ఒకే కాయలో సగం పచ్చ, సగం పసుపు. బుధవారం తెల్లారేసరికి అమ్మ వాటిలో ఒకదాన్ని పులుసుకి తరుగుతోంది. కత్తి దిగడం లేదు. చివరికి దిగితే లోపల గుజ్జు తక్కువ, గింజలు ఎక్కువ. దోసకాయ తరిగేటప్పుడు చేసినట్టే చిన్న ముక్క నాలిక్కి ఆనించి, వెంటనే ఉమ్మేసింది. చేదు విషం! ఆ మాట అక్షరాలా నిజం. ఈ కాయల్ని తరతరాలుగా అందం చూసి పెంచారు కానీ, రుచి చూసి చేదు కాయల్ని ఏరిపారేసినవాళ్లు లేరు. చేదు దోసకాయలో ఉండే కుకుర్బిటసిన్ అనే చేదు పదార్థమే వీటిలోనూ ఉంటుంది. ఉడికించినా పోదు, తింటే వాంతులు, విరేచనాలు. ఆ ఒక్క ముక్క ఎనిమిది మంది కడుపుల్ని కాపాడింది. అలంకరణ సంఘం మాత్రం “కాయ ఒకటి తగ్గింది” అని విచారం వ్యక్తం చేసింది.

గుమ్మడికాయ కథ వేరు. తొడిమ ఊడిందని చవగ్గా ఇస్తే తెచ్చాను. తొడిమ ఊడినచోటే కుళ్లు మొదలవుతుందని, కొనేముందు అడుగున బొటనవేలితో నొక్కి చూడాలని తర్వాత తెలిసింది. మూడో రోజుకి తెల్లటి గుడ్డ మీద గుండ్రంగా తడి మరక. కింద పళ్లెం పెట్టి ఉంటే గుడ్డయినా దక్కేది.

మేపుల్ ఆకులు ఆదివారం ఏరుకొస్తే మంగళవారానికి అప్పడాల్లా ముడుచుకుపోయాయి. వాటిని కాగితాల మధ్య పరిచి, పైన బరువు పెట్టి, వారం రోజులు కదపకుండా ఉంచాలట. కిందటేడు ఎండబెట్టినవి సోనామసూరి బస్తా కింద దొరికాయి, గీత చెదరలేదు. డబ్బిచ్చి మరీ ఆకులు ఊడ్పించుకునే పక్కింటాయన, నేను అవే ఏరుకుంటుంటే చాలాసేపు జాలిగా చూశాడు.

కొవ్వొత్తుల దగ్గర లెక్క తప్పింది. వాసన లేనివే పెట్టాలి, లేకపోతే దాల్చినచెక్క వాసనకీ ఇంగువ పోపుకీ పడదు. ఎత్తు కూడా కూర్చున్నవాళ్ల గడ్డం కంటే కిందే ఉండాలి, లేకపోతే ఎదుటి మనిషికి బదులు మంట కనిపిస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. మంటకీ ఎండుటాకుకీ మధ్య కనీసం 12 అంగుళాలు ఎడం ఉండాలి. మా టేబుల్ వెడల్పు 42. అటు కంచం, గ్లాసు కలిసి 16, ఇటు 16. మధ్యలో మిగిలింది 10. అందులోనే ఆకులు, కాయలు, కొవ్వొత్తులు. పులిహోర గిన్నె సంగతి ఎవరూ ఎత్తలేదు.

రాజీ కుదిరింది. ఆకులు టేబుల్ మీదే ఉంటాయి, కొవ్వొత్తులు బ్యాటరీవి, భోజనం వంటింటి గట్టు మీద. పెళ్లి బఫేలోలా వరసగా నిలబడి వడ్డించుకున్నాం. బెండకాయ వేపుడు ఫ్రిజ్ చాటున అమ్మ దగ్గర దొరికింది. గిన్నె ఖాళీ అయింది అదొక్కటే.

రాత్రి తొమ్మిదికి ఒక కొవ్వొత్తి మినుకు మినుకుమని ఆగిపోయింది. దీపం ఆరిందని అమ్మ ఎప్పుడూ అనదు.

“ఒరేయ్, దీపం కొండెక్కింది. రెండు బ్యాటరీలుంటే పట్రా” అంది.