రాత్రి రెండు గంటల ఉతుకుడు ముహూర్తం

పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున రెండింటికి పెడితే ఎవరూ ఏమీ అనరు. బట్టలుతకడానికి అదే ముహూర్తం పెట్టినందుకు సీతమ్మధారలో మా అపార్ట్‌మెంటంతా నన్ను అదోలా చూసింది. కరెంటు పొదుపు కోసం నిద్ర మానుకున్నవాడికి ఈ ఊళ్లో దక్కే గౌరవం ఇది.

దీనికి మూలం ఇంగ్లండులో ఉన్న నా బామ్మర్ది. "బావా, ఇక్కడ రాత్రి ఏడు గంటలపాటు కరెంటు చవక. మెషిన్ అయినా కారు చార్జింగ్ అయినా అప్పుడే. పగలు మెషిన్ వేసేవాణ్ని పిచ్చోడిలా చూస్తారు" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. అప్పటిదాకా మేం సాయంత్రం ఏడింటికి మెషిన్ వేసేవాళ్లం. అంటే అంతర్జాతీయ స్థాయిలో పిచ్చివాళ్లం.

ఆ రాత్రే ఫ్రిజ్ మీద నోటీసు అంటించాను. సాయంత్రం ఆరు నుంచి పది వరకు వాషింగ్ మెషిన్ గానీ స్కూటర్ చార్జర్ గానీ ఎవరూ ముట్టరాదు. ఉతుకుడు రాత్రి రెండింటికి. చార్జింగ్ దాని వెంటనే. ఉల్లంఘించినవారు కారణం లిఖితపూర్వకంగా తెలపాలి. కింద నా సంతకం, తేదీ. మా అమ్మ అది చదివి, "రెండింటికి నీళ్లుంటాయిట్రా?" అంది. విధాన నిర్ణయాల్లో ఇలాంటి చిన్న ప్రశ్నలకు తావుండదు కాబట్టి జవాబు చెప్పలేదు.

నీళ్లు లేవు. మా పైట్యాంకుకు మోటారు వేసేది ఉదయం ఐదింటికి. మెషిన్ ఒక విడత ఉతికి, జాడించడానికి నీళ్లు అందక, ఆగిపోయి కూతలు మొదలుపెట్టింది. మర్నాటి నుంచి వాచ్‌మన్‌ని బతిమాలి రాత్రి పదకొండింటికి ఇంకోసారి మోటారు వేయించాను. ఆ మోటారు కరెంటు అపార్ట్‌మెంటు ఉమ్మడి మీటర్ మీద పడుతుంది కాబట్టి నా పొదుపు లెక్కలోకి రాదు. ఈ సూక్ష్మం నేను ఎవరికీ చెప్పలేదు.

రెండో రాత్రి నీళ్లున్నాయి, మెషిన్ పిండే దశకు వచ్చింది. పగలు వినిపించని ఆ చప్పుడు రాత్రి మూడింటికి బాల్కనీలో విమానం దిగినట్టు ఉంటుందని నాకు తెలియదు. వాచ్‌మన్ టార్చి వేసుకుని పైకొచ్చాడు. "ఏటి బాబూ, ఈ ఏళప్పుడు బట్టలేటి?" అన్నాడు. ఆఫ్ పీక్ అని చెప్పాను. ఓపిగ్గా తల ఊపి వెళ్లిపోయాడు. కింది ఫ్లాటులోని రిటైర్డ్ మాస్టారికి మాత్రం అంత ఓపిక లేదు.

అసలు దెబ్బ తెల్లారాక తగిలింది. మూడున్నరకి ఉతుకు పూర్తయినా బట్టలు ఆరేయడానికి మేం లేచేది ఆరున్నరకి. విశాఖ గాలిలో ఉండే తేమకి, మూతేసిన డ్రమ్ములో మూడు గంటలు మగ్గిన తడి బట్టలు ఏ వాసన వస్తాయో సముద్రం పక్కన కాపురం చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆఫీసు చొక్కాలు మా ఆవిడ మళ్లీ ఉతికింది. ఎప్పుడు? ఆఫీసు నుంచి వచ్చాక, సాయంత్రం ఏడింటికి. కారణం లిఖితపూర్వకంగా అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంత క్రమశిక్షణగా నెల గడిచాక బిల్లొచ్చింది. పండగలా విప్పి చూశాను. అందులో ఒకటే సంఖ్య: మొత్తం 300 యూనిట్లు. కింద మామూలు శ్లాబులు. పగటి యూనిట్లు, రాత్రి యూనిట్లు అని ఎక్కడా లేదు. మా మీటర్ పాతది. నేను రెండింటికి లేచానో, ఏడింటికి వేశానో దానికి తెలియనే తెలియదు. నెలంతా లేని రేటుకి నిద్ర ధారపోశాను. ఎవరైనా ముందు చూసుకోవాల్సింది ఇదే. బిల్లులో యూనిట్లు వేళల వారీగా విడివిడిగా కనిపించకపోతే, మెషిన్ ఏ గంటకి తిప్పినా ఖర్చొకటే.

అప్పుడు గానీ నిబంధన తీసి చదవలేదు. కేంద్రం 2023లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. వేళను బట్టి రేటు అనేది స్మార్ట్ మీటర్ పెట్టాకే వర్తిస్తుంది. ఏ గంటలు ఏ కోవలోకి వస్తాయో రాష్ట్ర నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. ఇళ్లకైతే వాడకం ఎక్కువుండే పీక్ వేళ మామూలు రేటు మీద కనీసం పది శాతం ఎక్కువ. చవక వేళ కనీసం ఇరవై శాతం తక్కువ. ఆ చవక వేళ పేరు చదివి నేను కాసేపు గోడకి ఆనుకున్నాను. సోలార్ అవర్స్. ఎనిమిది గంటలు. పట్టపగలు.

ఆలోచిస్తే న్యాయమే. బొగ్గు ప్లాంటుని రాత్రి ఆపి పొద్దున్నే వెలిగించడం కుదరదు, పరవాడ సింహాద్రి బాయిలర్లు గ్యాస్ స్టవ్వులు కావు. అందుకే పాత రోజుల్లో రాత్రి కరెంటు మిగిలిపోయేది, ఇంగ్లండు వాళ్ల ఏడు గంటల చవక కూడా ఆ కాలపు ఏర్పాటే. ఇప్పుడు మన దగ్గర సోలార్ పెరిగి మిగులు మధ్యాహ్నానికి మారింది. పొద్దుగుంకగానే సోలార్ పడిపోతుంది, సరిగ్గా అప్పుడే ఊరంతా ఇంటికొచ్చి ఏసీ వేస్తుంది. అందుకే పీక్ సాయంత్రం. రాత్రి రెండు గంటలకి మామూలు రేటే ఉండొచ్చు, చవక ఉండాలన్న నియమం లేదు. అంటే నా ముహూర్తం తప్పు మీటర్ మీద, తప్పు వేళలో, తప్పు దేశం పంచాంగం చూసి పెట్టింది.

సరే, మాకూ ఆ మీటర్ వచ్చిందే అనుకుని లెక్క వేశాను. నెలకి 225 యూనిట్లు దాటాక మాకు యూనిట్ 8 రూపాయల 75 పైసలు. దానికి పది శాతం కలిపితే పీక్‌లో 9.62, ఇరవై శాతం తీస్తే పగలు 7 రూపాయలు. యూనిట్‌కి తేడా 2 రూపాయల 62 పైసలు. మా మెషిన్ చన్నీళ్ల ఉతుకుకి తినేది పావు యూనిట్. నెలకి పదహారు ఉతుకులు వేసుకుంటే నాలుగు యూనిట్లు. మొత్తం పొదుపు పది రూపాయల యాభై పైసలు. ఈ సొమ్ము కోసం కింది మాస్టారు నాతో మాట్లాడ్డం మానేశారు.

అదే మెషిన్‌లో నలభై డిగ్రీల వేడినీళ్ల బటన్ నొక్కితే, ఒక్కో ఉతుకు సుమారు 0.8 యూనిట్ తింటుంది. డ్రమ్ము తిప్పడానికి అయ్యేది కొంచెమే, మిగతాదంతా నీళ్లు కాచడానికే. ఆ బటన్ మానేస్తే నెలకి దాదాపు తొమ్మిది యూనిట్లు, అంటే 77 రూపాయలు మిగులుతాయి. పాత మీటరయినా మిగులుతాయి, ఎవరూ నిద్ర లేవక్కర్లేదు. గత మూడేళ్లుగా ఆ బటన్ నొక్కుతున్నది ఎవరని మా ఆవిడ అడిగింది. చొక్కా కాలర్ల శుభ్రత గురించి నాకు కొన్ని నిశ్చితాభిప్రాయాలున్నాయని మాత్రం ఒప్పుకున్నాను.

స్కూటర్ కూడా అంతే. నెలకి ఆరు వందల కిలోమీటర్లకి ఇరవై యూనిట్లు. మొత్తం పీక్ నుంచి పగటికి మార్చగలిగితే యాభై రెండు రూపాయలు. కానీ పగలు స్కూటర్ ఉండేది ఆఫీసు చెట్టు కింద.

కారున్న వాళ్లదే అసలు కథ. మధురవాడలో ఉండే మా తోడల్లుడు రోజూ కారులో జగదాంబ దగ్గర ఆఫీసుకి వస్తాడు, రానూపోనూ 35 కిలోమీటర్లు. గోడ ప్లగ్గు దగ్గర కొలిస్తే యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు, అంటే రోజుకి ఐదు యూనిట్లు, నెలకి సుమారు వంద. ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టడం ఆయనకి చెప్పులు విప్పడమంత అలవాటు. అది తిన్నగా పీక్. ఇంట్లో 3.3 కిలోవాట్ల చార్జర్‌కి ఐదు యూనిట్లు గంటన్నర పని. కారు యాప్‌లో మొదలయ్యే టైం పదిన్నరకి పెట్టుకుంటే చాలు. పీక్ పదింటికి ముగుస్తుందనుకుంటే నెలకి 87 రూపాయలు మిగులుతాయి.

ఇంకా మంచి దారి ఆదివారం. పగటి ఎనిమిది గంటల్లో ఆ చార్జర్ 26 యూనిట్లు ఇవ్వగలదు. ఆయన ఐదు రోజుల అవసరం 25. ముప్పై యూనిట్ల బ్యాటరీలో అది పడుతుంది. ఆదివారం పొద్దున్న పెట్టి సాయంత్రం తీస్తే వారమంతా ప్లగ్గు ముట్టక్కర్లేదు, నెలకి 262 రూపాయలు. "ఆదివారం మా అత్తగారింటికి వెళ్లాలి కదయ్యా" అన్నాడు. ఏ టారిఫ్ ఆర్డర్‌లోనూ దీనికి పరిష్కారం లేదు.

లెక్క కుదిరింది కాబట్టి రేపు రాబోయే మీటర్‌కి మా ఇంట్లో రిహార్సల్ పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు. చవక గంట వృథా కాకూడదని వాషింగ్ మెషిన్, గీజరు, ఏసీ, ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ స్టవ్, స్కూటర్ అన్నీ ఒకేసారి. చివరిసారిగా వేడినీళ్ల బటన్ కూడా. కూడితే తొమ్మిది కిలోవాట్లు దాటింది, అంటే నలభై ఆంపియర్లు. మా మెయిన్ ఎంసీబీ ముప్పై రెండుది. వెంటనే పడలేదు. అలాంటి ఓవర్‌లోడుకి అది లోపల మెల్లగా వేడెక్కి పడుతుంది. నేను విజయం ప్రకటించాక, అప్పడాలు వేగుతుండగా, టక్ మంది.

ఎంసీబీ పైకెత్తితే సరిపోతుంది గానీ, స్మార్ట్ మీటర్ అయితే ఆ తొమ్మిదిని మర్చిపోదు. మా ఒప్పందం లోడు మూడు కిలోవాట్లు. ఆ నెల ఫిక్స్‌డ్ చార్జీ నమోదైన గరిష్ఠ డిమాండు మీద లెక్కకొస్తుంది. ఆర్థిక సంవత్సరంలో మూడుసార్లు దాటితే ఒప్పందం లోడునే పెంచుతారు. ఇరవై శాతం తగ్గింపు యూనిట్ల చార్జీ మీదే, ఈ ఫిక్స్‌డ్ చార్జీ జోలికి రాదు. కాబట్టి చవక గంటలోనూ ఒకదాని తర్వాత ఒకటి వేయాలి, గుంపుగా కాదు.

ఇప్పుడు మెషిన్ మా అమ్మ చేతిలో ఉంది. పదిన్నరకి చన్నీళ్లతో వేస్తుంది, పన్నెండుకల్లా బట్టలు బాల్కనీ తీగ మీద ఉంటాయి, మూడింటికి ఆరిపోతాయి. సోలార్ అవర్స్ గురించి ఆవిడకి వివరించబోయాను. "ఎండున్నప్పుడు ఉతుక్కోడానికి ఆర్డరెందుకురా?" అంది, ఫ్రిజ్ మీద నా నోటీసు పీకి, వెనక పాల లెక్క రాసుకుంటూ.