గీత మీద గుండ్రంగా ఉంది, ఏ నోటో చెప్పండి!

మ్యూజిక్ స్కోరు ఫొటో తీసేవాళ్లకు ఒక నియమం ఉన్నట్టుంది. ఎవరు పెట్టారో తెలీదు గానీ అందరూ తు.చ. తప్పకుండా పాటిస్తారు. పేజీలో ఎడమ అంచు కత్తిరించాలి. మిగతాదంతా ఉంచొచ్చు, పేజీ నంబరు ఉంచొచ్చు, కాగితం మీద తమ బొటనవేలు కూడా ఉంచొచ్చు. ఏ గీత ఏ స్వరమో చెప్పే క్లెఫ్, పాటంతా ఏ స్వరాలు పెంచాలో దించాలో చెప్పే కీ సిగ్నేచర్ ఉన్న ఆ రెండంగుళాలు మాత్రం పోవాలి. తర్వాత మధ్యలో ఒక నోటు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, "ఇదేంటో చెప్పండి ప్లీజ్, అర్జెంట్" అని పంపాలి. తల తీసేసి మొండెం ఫొటో పంపి ఇదెవరో గుర్తుపట్టమన్నట్టు.

మొన్న నాకొచ్చిన ఫొటోలో ఎర్ర సున్నా సరిగ్గా మధ్య గీత మీదున్న నోటు చుట్టూ ఉంది. సరే, మర్యాదగా జవాబు చెబుదాం. ట్రెబుల్ క్లెఫ్ అయితే అది బి. బేస్ క్లెఫ్ అయితే డి. వయోలా వాళ్లు చదివే ఆల్టో క్లెఫ్ అయితే మిడిల్ సి. టెనర్ క్లెఫ్ అయితే ఎ. ఒకే నోటు, నాలుగు జవాబులు, నాలుగూ కరెక్టే. మీకు నచ్చింది తీసుకోండి అని పంపితే, "అంటే మీకు కూడా తెలీదన్నమాట" అని బదులొచ్చింది.

పట్టుదల వచ్చి ఫొటోను పెద్దది చేసి చూశాను. కత్తెర నుంచి తప్పించుకున్న రెండు షార్పులు, అంటే స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తులు, అంచున వేలాడుతున్నాయి. కింది నుంచి లెక్కపెడితే ఒకటి నాలుగో గీత మీద, రెండోది రెండో ఖాళీలో. షార్పులు ఎప్పుడూ ఒకే వరసలో వస్తాయి: ఎఫ్, సి, జి, డి, ఎ, ఇ, బి. మొదటిది ఎఫ్ కాబట్టి అది ఎక్కడుందో చూస్తే, క్లెఫ్ కనబడకపోయినా ఏ క్లెఫో తెలుస్తుంది. బేస్ క్లెఫ్‌లో ఎఫ్ నాలుగో గీత మీద, సి రెండో ఖాళీలో ఉంటాయి. అచ్చంగా సరిపోయింది. బేస్ క్లెఫ్, రెండు షార్పులు, డి మేజర్. ఎర్ర సున్నాలో ఉన్నది డి. కేసు ముగిసింది అనుకున్నాను.

అదే ఫొటో అందుకున్న ఇంకో ఆయన అక్కడ అడ్డం పడ్డాడు. "అవి మొదటి రెండు షార్పులని మీకెవరు చెప్పారు? ట్రెబుల్ క్లెఫ్‌లో నాలుగో షార్పు డి, అది నాలుగో గీత మీదే ఉంటుంది. ఐదోది ఎ, అది రెండో ఖాళీలోనే ఉంటుంది. ముందున్న మూడూ కత్తిరింపులో పోయాయి. ఇది బి మేజర్ అండీ" అన్నాడు. లెక్క చూస్తే ఆయనా కరెక్టే. పొరపాటు పట్టుకోవడానికి మరో దారి లేదా అని పాడి చూసుకున్నాం. ఇక్కడే అసలు వినోదం. డి మేజర్ ప్రకారం మధ్య గీత డి, అంటే ఆ కీకి ఆధార స్వరం. బి మేజర్ ప్రకారం అదే గీత బి, అంటే ఈ కీకి ఆధార స్వరం. ఆయన తన పద్ధతిలో పాడాడు, నేను నా పద్ధతిలో పాడాను, ఇద్దరిదీ ఒకటే ట్యూను. ఎత్తు మాత్రమే తేడా. చెవికి తప్పు ఎక్కడా దొరకదు. ఇద్దరం కలిసి పాడితే మాత్రం విన్నవాళ్లు పారిపోతారు. ఫొటో పంపిన మహానుభావుడు మా రికార్డింగులు రెండూ విని, "ఇద్దరూ ఒకేలా పాడుతున్నారు కదా, మరి గొడవెందుకు?" అని తీర్పు ఇచ్చాడు. పియానో వాయించేవాణ్ణి అడిగితే గొడవెందుకో చెప్పేవాడు.

పేజీ మధ్యలో ఒక్క గుర్తు దొరికినా తేలిపోయేది. రెండో గీత మీదున్న నోటును అర మెట్టు దించాలంటే, డి మేజర్‌లో అది మామూలు బి కాబట్టి ఫ్లాట్ గుర్తు పెట్టాలి. బి మేజర్‌లో అది అప్పటికే షార్పైన జి కాబట్టి ఆ షార్పును రద్దు చేసే నాచురల్ గుర్తు పెట్టాలి. అంటే ఆ గీత మీద ఫ్లాట్ కనిపిస్తే ఆయన ఓడిపోయినట్టు, నాచురల్ కనిపిస్తే నేను. ఫొటోలో ఆ గీత మీద కనిపించింది కాఫీ మరక.

ఇక నోట్ల నిడివి సంగతి. టైమ్ సిగ్నేచర్‌ను మామూలుగా పాట మొదట్లోనే రాస్తారు, ప్రతి వరసకూ రాయరు. మనవాడు పంపింది రెండో పేజీ. ఒక బార్‌లో ఒక బీటు ఉండే క్రోచెట్, దాని పక్కన ఏదో చుక్క, తర్వాత అర బీటు క్వేవర్, చివర పాట ఎంతసేపు ఆగాలో చెప్పే రెస్టు, అదీ ఒక నల్ల దిమ్మలా. ఆ చుక్క నిడివి పెంచే చుక్కా, ధూళా? ఆ దిమ్మ మినిమ్ రెస్టా, సెమీబ్రీవ్ రెస్టా? మూడో గీత మీద కూర్చుంటే మినిమ్ రెస్టు, రెండు బీట్లు. నాలుగో గీతకు కింద వేలాడితే సెమీబ్రీవ్ రెస్టు. కానీ ఫోను నీడ పడి అక్కడ గీతలే మాయమయ్యాయి, కూర్చుందో వేలాడుతోందో ఎవడికి తెలుసు! పక్క బార్‌లో నాలుగు క్రోచెట్లు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి బార్‌కు నాలుగు బీట్లు అనుకుందాం. సెమీబ్రీవ్ రెస్టు అలాంటి బార్‌ను మొత్తం మింగేస్తుంది, పక్కన ఇంకో నోటుకు చోటుండదు. కాబట్టి అది మినిమ్ రెస్టే. చుక్కను ధూళి అనుకుంటే ఒకటి, అర, రెండు కలిపి మూడున్నర, బార్ నిండదు. చుక్క నిజమైతే ఒకటిన్నర, అర, రెండు కలిపి నాలుగు. చుక్క నిజం. పైగా నోటు గీత మీదుంటే చుక్కను ఆ గీత మీద పెట్టరు, పైనున్న ఖాళీలో పెడతారు, ఇదీ అలాగే ఉంది. నాలుగు గుర్తులున్న బార్‌కు ఇంత పంచాయితీ.

ఇదంతా నవ్వుకోవచ్చు, పెద్దవాళ్లం, ఖాళీగా ఉన్నాం. కానీ ఇలాంటి ఫొటోనే క్వయర్ నడిపే పెద్దమనిషి ఒకాయన రాత్రి పదకొండుకి పిల్లలకు పంపుతాడు. పొద్దున్నే ఒక పాప బి మీద ఎత్తుకుంటే, అందరి ముందు "నీకు చెవే లేదమ్మా, వెనక్కెళ్లి నిలబడు" అంటాడు. ఆ పాప ఆ కాగితం మీద ఉన్న ప్రతి గుర్తునూ చూసి, లేనిదాన్ని లెక్కగట్టి, అది కుదిరే దారుల్లో ఒకటి పాడింది. అంతకంటే ఎవరైనా ఏం చదవగలరు? కెమెరాను నాలుగు వేళ్లు వెనక్కి జరపడం చేతకానివాడు ఒక పిల్ల చెవి గురించి మాట్లాడతాడా! సిగ్గుండాలి. ఒకసారి అలా అనిపించుకున్న పిల్ల మళ్లీ గట్టిగా పాడదు, పెదవులు కదుపుతూ నిలబడుతుంది. ఆయన మాత్రం వచ్చే వారం ఇంకో ఫొటో పంపుతాడు.

సరే, మన కేసుకు వద్దాం. బతిమాలగా బతిమాలగా ఎడమ అంచును విడిగా ఫొటో తీసి పంపాడు. ట్రెబుల్ క్లెఫ్, ఐదు షార్పులు. ఆయన గెలిచాడు, ఒప్పుకున్నాను. ఇక పాడదామనుకుంటే ఆయనే మళ్లీ ఆపాడు. మగ టెనర్ గొంతుల కోసం రాసినప్పుడు ట్రెబుల్ క్లెఫ్ తోక కింద చిన్న 8 వేస్తారు, అది ఉంటే అంతా ఒక ఆక్టేవ్ కింద పాడాలి. ఉందా లేదా అని చూశాం. ఈసారి ఫొటోను కింద కత్తిరించాడు.